టెండరు పీడీఎఫ్‌లో కొన్ని పేజీలకే రౌండ్ సీలు: తెల్ల డబ్బా రాకుండా, సరైన చోట పడాలంటే?

ఆటోనగర్_సత్య

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ఆఫీసు పని చూస్తుంటాను. ఒక టెండరుకి 64 పేజీల పీడీఎఫ్ సిద్ధమైంది. అన్ని పేజీలకీ అక్కర్లేదు గానీ 1, 7, 12 నుంచి 18, 41 నుంచి 46, ఆఖరిది 64, వీటి మీద మా కంపెనీ రౌండ్ సీలు ఉండాలి. సారే సీలు కాగితం మీద వేసి, స్కాన్ చేసి పెట్టమన్నారు.

ఒక ఉచిత ఎడిటర్‌లో ఆ బొమ్మ పెట్టి చూశాను. రెండు ఇబ్బందులు. సీలు చుట్టూ తెల్ల డబ్బా వచ్చి 12-18 పేజీల్లో రేట్ల పట్టిక కింది వరస మూసేస్తోంది. 43 నుంచి 46 వరకు డ్రాయింగులు. అన్ని పేజీలకీ కింద కుడి మూల అని చెప్పినా ఈ నాలుగింటిలో మాత్రం సీలు పక్కకి పడుకుని వేరే మూలలో తేలింది. 41, 42 కూడా డ్రాయింగులే, వాటిలో బాగానే పడింది! అదే నాకు అంతుబట్టడం లేదు.

మొత్తం ప్రింటు తీసి, సీలు కొట్టి, మళ్ళీ స్కాన్ చేస్తే ఫైలు పోర్టల్ ఒప్పుకునే సైజు దాటిపోతోంది. విండోస్ కంప్యూటరే, ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకోగలను.

పోర్టు_పైడిరాజు

ఏటి బాబూ, ఇంత చిన్నదానికి ఇంత కంగారా? నీ బొమ్మ జేపీజీ అయ్యుంటాది. పెయింట్‌లో తెరిచి పీఎన్‌జీగా సేవ్ సేసీ. పీఎన్‌జీకి వెనకాల తెలుపు ఉండదు. మా కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో ఇన్వాయిసుకీ, ప్యాకింగ్ లిస్టుకీ సీలు అలాగే ఎడతాం.

ఆటోనగర్_సత్య

అది చేశానండి పైడిరాజు గారూ. పీఎన్‌జీ చేసినా తెల్ల డబ్బా అలాగే ఉంది.

కామేశ్వరి_సీతమ్మధార

పైడిరాజు గారు చెప్పినదాంట్లో సగం నిజం. జేపీజీలో పారదర్శకతకి చోటే లేదు, పీఎన్‌జీలో ఉంది. కానీ చోటు ఉన్నంత మాత్రాన దానంతటదే నిండదు. తెల్లగా ఉన్న చుక్కలు పీఎన్‌జీలో కూడా తెల్ల చుక్కలే. ఏ చుక్క ఎంత కనిపించాలో చెప్పే నాలుగో పొరని, ఆల్ఫా అంటారు, మనమే తయారుచేసి ఇవ్వాలి. పైడిరాజు గారి ఆఫీసులో ఎవరో ఒకసారి ఆ పని చేసి పెట్టి ఉంటారు, మిగతావాళ్ళు అదే ఫైలు వాడుతుంటారు.

సత్యా, డ్రాయింగుల సంగతి చెప్పే ముందు ఒకటి చూసి పెట్టండి. పాప్లర్ పనిముట్లు ఇన్‌స్టాల్ చేసుకుని ఇది నడపండి:

```
pdfinfo -f 1 -l 64 tender.pdf
```

ప్రతి పేజీకీ సైజు, దాని కింద `rot` అని ఒక అంకె వస్తాయి. 7, 12, 41, 43 పేజీలకి ఏం వచ్చిందో ఇక్కడ రాయండి.

ఎమ్వీపీ_సెక్రటరీ

నాకూ ఇదే కావాలి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయింటెనెన్స్ రసీదుల మీద సీలు వేయాలి. నేను స్టాంపు పేపరు స్కాన్ చేసి వెనకాల పెట్టాను, పైన అక్షరాలు కనిపించడం లేదు. 100 రూపాయల స్టాంపు పేపరైతే స్కాన్ చేసినది చెల్లుతుందా?

దొండపర్తి_డీటీపీ

సెక్రటరీ గారూ, ఇక్కడ మాట్లాడేది రబ్బరు స్టాంపు గురించండి, స్టాంపు పేపరు కాదు. స్టాంపు పేపరు స్కాన్ తీసి రసీదు వెనకాల పెట్టడం దేనికీ పనికిరాదు. వేరే చర్చ తెరవండి, వకీళ్ళెవరైనా చెబుతారు.

సత్య గారూ, మరీ కమాండ్ల దాకా పోనక్కర్లేదేమో. అడోబీ రీడర్‌లో స్టాంపు పనిముట్టు ఉంది. కస్టమ్ స్టాంపుగా మీ సీలు ఒకసారి చేర్చుకుంటే ఏ పేజీలో కావాలంటే అక్కడ క్లిక్ చేసి పెట్టుకోవచ్చు. పడుకోవడాలూ అవీ ఉండవు, కంటితో చూసే కదా పెడతాం.

కామేశ్వరి_సీతమ్మధార

అది చేయొచ్చు. కానీ రీడర్‌లో పెట్టే స్టాంపు పేజీలో భాగం కాదు, పేజీ మీద అతికించిన వ్యాఖ్య. పసుపు రంగు నోటు ఎలాగో ఇదీ అలాగే. అవతలివాళ్ళు దాని మీద క్లిక్ చేసి డిలీట్ నొక్కితే పోతుంది. ప్రింటు తీసేటప్పుడు `Comments & Forms` దగ్గర `Document` అని ఉంటే కాగితం మీదకి రాదు. కొన్ని వెబ్ వ్యూయర్లు వ్యాఖ్యల్ని అసలు చూపించవు. మన ఆఫీసులో మనం చూసుకోవడానికైతే సరే, బిడ్‌లోకి వెళ్ళే కాగితానికి నేనైతే వాడను.

దొండపర్తి_డీటీపీ

ఒప్పుకుంటా. మొన్న ఒకాయన పెన్‌డ్రైవ్ తెచ్చాడు, స్క్రీన్ మీద సీలు ఉంది, ప్రింటులో లేదు. మా ప్రింటరు పాడైందని గొడవపెట్టుకున్నాడు. ఇదే కారణం అయ్యుంటుంది.

ఆటోనగర్_సత్య

కామేశ్వరి గారూ, మీరడిగినవి:

```
Page    7 size: 612 x 792 pts (letter)
Page    7 rot:  0
Page   12 size: 595.276 x 841.89 pts (A4)
Page   12 rot:  0
Page   41 size: 1190.55 x 841.89 pts (A3)
Page   41 rot:  0
Page   43 size: 841.89 x 1190.55 pts (A3)
Page   43 rot:  90
```

7వ పేజీ లెటర్ సైజు ఎందుకైందో తెలియదు. అది సారు ఫోన్‌లో స్కాన్ చేసి పంపిన అనుభవ పత్రం.

కామేశ్వరి_సీతమ్మధార

మీ రెండో ఇబ్బందికి జవాబు ఇందులోనే ఉంది. 41వ పేజీ నిజంగానే అడ్డంగా ఉన్న కాగితం. 43వ పేజీ మాత్రం ఫైలు లోపల నిలువు కాగితమే, దాని మీద "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఒక చీటీ ఉంది. స్కానర్లు, క్యాడ్ ప్రోగ్రాములు ఇలా చేస్తుంటాయి. చూసేవాళ్ళకి రెండూ ఒకటే. మీ ఎడిటర్ ఆ చీటీని పట్టించుకోకుండా తిప్పకముందు కాగితానికి కింద కుడి మూలేదో అక్కడ సీలు వేసింది. ఆ తర్వాత పేజీతోపాటు సీలూ 90 డిగ్రీలు తిరిగింది. సవ్యదిశలో తిప్పితే కింద కుడి మూల కింద ఎడమ మూలవుతుంది. మీ సీలు అక్కడే పక్కకి పడుకుని ఉండాలే?

ఆటోనగర్_సత్య

అవునండీ, ఎడమ వైపు కింద!

కామేశ్వరి_సీతమ్మధార

సరే, అయితే సీలు బొమ్మ ముందు తేలుద్దాం. అది బాగుంటే మిగతాది తేలిక.

మామూలు తెల్ల కాగితం మీద నాలుగైదు సార్లు సీలు కొట్టండి, రేఖలున్న లెటర్‌హెడ్ మీద వద్దు. ప్యాడ్ తడి మరీ ఎక్కువుంటే మొదటి ముద్ర అలుముకుంటుంది, సాధారణంగా రెండోదో మూడోదో బాగుంటుంది. 600 డీపీఐలో, కలర్‌లో స్కాన్ చేసి పీఎన్‌జీగా పెట్టండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌గ్రౌండ్ తొలగించే ఆప్షన్ ఉంటే ఆపేయండి, అది తెలుపుతోపాటు పల్చటి సిరానీ తినేస్తుంది. జేపీజీ మాత్రం వద్దు, అక్షరాల చుట్టూ బూడిదరంగు నలకలు వదులుతుంది, అవి తర్వాత మన ప్రాణం తీస్తాయి. ముద్ర చుట్టూ చదరంగా కత్తిరించండి. సీలు సిరా ఏ రంగు? వ్యాసం ఎంత?

ఆటోనగర్_సత్య

నీలం. స్కేలు పెట్టి చూస్తే 40 మిల్లీమీటర్లు. చుట్టూ ఇంగ్లీషు పేరు, లోపల తెలుగులో ఊరు పేరు.

లైనక్స్_లాసన్స్‌బే

ఇమేజ్‌మ్యాజిక్ ఇన్‌స్టాల్ చేసుకుంటే తెలుపు తీసేయడానికి ఒక్క లైను చాలు కదండీ:

```
magick seal.png -fuzz 15% -transparent white seal_clear.png
```

నేనెప్పుడూ ఇదే. పని అయిపోతుంది.

కామేశ్వరి_సీతమ్మధార

లోగోలకి అయిపోతుంది, సీలుకి కాదు. ఆ లైను చేసేది అవును-కాదు తీర్పు: తెలుపుకి 15 శాతం లోపున్న చుక్క పూర్తిగా పోతుంది, మిగతాది పూర్తిగా ఉంటుంది. సిరా ముద్రకి అంచులు కత్తి కోసినట్టుండవు, నీలం నుంచి లేతనీలం, దాన్నుంచి తెలుపు అని కరుగుతూ పోతాయి. ఆ లేతనీలం చుక్కలు తీర్పుకి అవతల పడి అలాగే మిగిలిపోతాయి. తెల్ల పేజీ మీద తెలియదు. కింద నల్ల అక్షరమో, సత్య గారి పట్టికలాగా బూడిదరంగు నింపిన గడో ఉంటే, సీలు గీతల చుట్టూ పాలిపోయిన జరీ అంచులా కనబడుతుంది.

నేను చేసేది వేరు. సిరా ఎక్కడెంత ముదురుగా ఉందో దాన్నే ఆల్ఫాగా తీసుకుని, రంగు మాత్రం అంతటా ఒకటే పోస్తాను. నీలం సిరా ఎరుపు కాంతిని మింగేస్తుంది, కాబట్టి స్కాన్‌లో ఎరుపు చానెల్ ఒక్కటే చూస్తే కాగితం తెల్లగా, సిరా దాదాపు నల్లగా ఉంటుంది. ఆ చానెల్‌నే మాస్కుగా చేసుకోవాలి.

```
magick seal.png -channel R -separate +channel -level 35%,88% -negate -evaluate multiply 0.85 mask.png
magick mask.png -background "#1F3A93" -alpha shape PNG32:seal_clear.png
```

ఇందులో 88% అన్నది కాగితం హద్దు. స్కాన్‌లో కాగితం ఎప్పుడూ అసలైన తెలుపు కాదు. జింప్‌లో తెరిచి కలర్ పికర్‌తో ఖాళీ కాగితం మీద నొక్కి చూడండి, ఎరుపు విలువ 255కి బదులు 235, 240 అలా ఉంటుంది. కాగితంలో కాస్త మురికిగా ఉన్న చోటు విలువ కంటే కొంచెం దిగువన ఈ హద్దు పెట్టాలి. 35% సిరా హద్దు, దానికంటే ముదురుగా ఉన్నదంతా నిండు సిరా. మీ స్కానర్‌ని బట్టి రెండూ మార్చుకోవాలి, నా అంకెలు పట్టుకుని కూర్చోకండి.

మీ సీల్లో తెలుగు ఉందన్నారు గనక ఇంకో మాట. కాగితం హద్దు మరీ పైకి పెడితే ఒత్తుల మధ్య సందులు పూడిపోతాయి. సిరా హద్దు మరీ కిందికి పెడితే తలకట్లు, సన్నటి కొమ్ములు పల్చబడి తెగుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి, వాటిని చూసి సరిపోయిందనుకోకండి. తెలుగు అక్షరాల మీదే జూమ్ చేసి చూడండి.

దొండపర్తి_డీటీపీ

ఆ 0.85 ఎందుకండీ?

కామేశ్వరి_సీతమ్మధార

నిజం కాగితం మీద నీలం సీలు కొడితే కింది నల్ల అక్షరం సీలులోంచి కనబడుతూనే ఉంటుంది. సిరా పైన పడ్డా నలుపు నలుపే. పీడీఎఫ్‌లో నూటికి నూరు పాళ్ళ ఆల్ఫా ఇస్తే నీలం గీత నల్ల అక్షరాన్ని పూర్తిగా కప్పేస్తుంది. 85 పాళ్ళకి దించితే కింది అక్షరం కొంత పైకి తేలుతుంది. మల్టిప్లై అనే బ్లెండ్ పద్ధతి దీనికి అసలు మందు. అందులో నలుపు మీద నీలం పడితే నలుపే వస్తుంది. కానీ రేపు మనం వాడబోయే పనిముట్టులో బొమ్మకి అది పెట్టే వీలు లేదు. రేట్ల పట్టిక అంకెల మీద సీలు పడకపోవడమే అన్నిటికంటే మంచిది.

పోర్టు_పైడిరాజు

మాది ఊదా రంగు ప్యాడ్ అండి. ఈ ఎరుపు చానెల్ కత మాకూ పనిచేస్తాదా?

కామేశ్వరి_సీతమ్మధార

ఊదాకి `-channel G` పెట్టండి పైడిరాజు గారూ, ఆకుపచ్చ చానెల్‌లో ఊదా బాగా నల్లగా వస్తుంది. ఎర్ర సిరాకైనా `G` పనిచేస్తుంది. నల్ల సిరాకి ఏదైనా ఒకటే. `-background` దగ్గర రంగు కూడా మీ సిరాది మార్చుకోవాలి.

ఆటోనగర్_సత్య

చేశానండి. తెలుపు పోయింది, తెలుగు అక్షరాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. కాగితం హద్దు 84కి దించాల్సొచ్చింది, 88కి చదరం అంతటా లేత నీలం పొర మిగిలింది.

దొండపర్తి_డీటీపీ

ఆ పొర సంగతి నేను చెప్తా, ఇది నా పని. స్క్రీన్ మీద ఒకటి రెండు శాతం ఆల్ఫా మిగిలితే కంటికి కనబడదు. లేజర్ ప్రింటులో మాత్రం సీలు చుట్టూ చదరంగా సన్నటి చుక్కలు పడతాయి. కస్టమర్ వచ్చి "డబ్బా ఇంకా ఉందే" అంటాడు. పంపే ముందు ఒక పేజీ ప్రింటు తీసి ట్యూబ్‌లైటు కింద చూసుకోండి.

కామేశ్వరి_సీతమ్మధార

ప్రింటు తీయకుండా కూడా పట్టుకోవచ్చు. ఇది నడపండి:

```
magick seal_clear.png -alpha extract -threshold 0 check.png
```

ఏ మాత్రం ఆల్ఫా ఉన్న చుక్కైనా `check.png`లో తెల్లగా మెరుస్తుంది. సీలు ఆకారం తప్ప మిగతాదంతా నిఖార్సయిన నలుపు రావాలి. అక్కడక్కడ తెల్ల చుక్కలుంటే అవి కాగితం మీది నలుసులు, జింప్‌లో ఎరేజర్‌తో తుడిచేయొచ్చు. చదరమంతా తెల్లగా వస్తే కాగితం హద్దు ఇంకా దించాలి.

ఇప్పుడు పేజీల మీదకి ఎక్కించడం. నేను నేరుగా పేజీల మీద బొమ్మ పెట్టను. ముందు సీలు తప్ప ఇంకేమీ లేని ఖాళీ పేజీ ఒకటి పీడీఎఫ్‌గా చేసుకుంటాను, తర్వాత దాన్ని కావలసిన పేజీల మీద పరుస్తాను. లిబ్రాఫీస్ డ్రాలో కొత్త ఏ4 పేజీ తెరిచి, బొమ్మ చేర్చి, ఎఫ్4 నొక్కితే `Position and Size` వస్తుంది. వెడల్పు 40, ఎత్తు 40 మి.మీ. కుడినుంచి, కిందినుంచి 15 మి.మీ. ఖాళీ కావాలంటే, ఏ4 అంటే 210 బై 297 గనక, X 155, Y 242. మౌస్‌తో లాగి అంచనాగా పెట్టకండి, అంకెలే కొట్టండి. అడ్డం ఏ3కి ఇంకో ఫైలు, అది 420 బై 297, కాబట్టి X 365, Y 242.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు `Lossless compression` ఎంచుకోండి. ఆర్కైవ్ ఆప్షన్ల దగ్గర PDF/A-1b టిక్ ఉంటే తీసేయండి. ఆ ప్రమాణం పారదర్శకతని ఒప్పుకోదు, దాంతో మన కష్టమంతా పోయి తెల్ల డబ్బా తిరిగొస్తుంది. అయ్యాక ఒక పరీక్ష:

```
pdfimages -list seal_a4.pdf
```

`image` అని ఒక వరస, దాని కింద `smask` అని ఇంకో వరస ఉండాలి. ఆ `smask` వరసే ఆల్ఫా. అది లేకపోతే ముందుకెళ్ళకండి.

తర్వాత క్యూపీడీఎఫ్‌తో:

```
qpdf tender.pdf --overlay seal_a4.pdf --to=1,7,12-18,64 --from= --repeat=1 -- step1.pdf
qpdf step1.pdf --overlay seal_a3.pdf --to=41-46 --from= --repeat=1 -- final.pdf
```

`--from=` ఖాళీగా ఉంచి `--repeat=1` అంటే సీలు ఫైలులోని ఒకే పేజీని `--to` లో చెప్పిన ప్రతి పేజీకీ మళ్ళీ మళ్ళీ వాడమని. ఇక్కడ పేజీ అంకెలు ఫైలులో వరస అంకెలు, కాగితం అడుగున అచ్చయిన నంబర్లు కావు. ముందర కవరు, విషయసూచిక ఉంటే రెండూ కలవవు, చూసుకోండి.

తిప్పుడు చీటీ గురించి బెంగ అక్కర్లేదు. క్యూపీడీఎఫ్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మీరు సీలు పేజీని కంటికి కనబడే రూపంలో, అంటే అడ్డం ఏ3గా, చేసుకుంటే చాలు. 41కీ 43కీ ఒకటే ఫైలు సరిపోతుంది.

లైనక్స్_లాసన్స్‌బే

పీడీఎఫ్‌టీకే `stamp` కూడా ఇదే చేస్తుంది కదా?

కామేశ్వరి_సీతమ్మధార

అది ఫైలులోని అన్ని పేజీలకీ కొడుతుంది. కొన్నిటికే కావాలంటే ముక్కలు చేసి, కొట్టి, మళ్ళీ అతకాలి. 14వ పేజీ తర్వాత 16 వచ్చే ప్రమాదం అక్కడే.

డ్రాయింగ్_కంచరపాలెం

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. చాలాసేపటి నుంచి చదువుతున్నా. డ్రాయింగు షీటుకి కింద కుడి మూలలో సీలు పెడతారా? అక్కడ టైటిల్ బ్లాకు ఉంటుంది బాబూ. డ్రాయింగు నంబరు, రివిజన్, స్కేలు, అన్నీ దాని కిందపడి చస్తాయి. ఐఎస్ఓ 7200 ప్రకారం గీసిన షీటైతే టైటిల్ బ్లాకు వెడల్పు 180 మి.మీ., కుడి పక్క మార్జిన్ 10. అంటే కుడి అంచు నుంచి 190 వదిలేయాలి. ఇంకో 5 గాలి ఆడనిచ్చి సీలు 40 పెడితే X 185 దగ్గరకి రావాలి. Y మీరు చెప్పిన 242 ఉంచుకోవచ్చు. అక్కడ నోట్సో, మెటీరియల్ జాబితానో ఉంటే ఇంకా పైకి జరపాలి. ఏ ఆఫీసు టెంప్లేటు దానిది, ముందు ఆరు షీట్లూ చూసుకోండి.

కామేశ్వరి_సీతమ్మధార

మంచిమాట చెప్పారు. సత్యా, ఏ3 ఫైలులో X 185 చేయండి.

ఆటోనగర్_సత్య

చేశాను. 41 నుంచి 46 వరకు ఆరూ నిటారుగా, టైటిల్ బ్లాకుకి ఎడమన చక్కగా పడ్డాయి. ఒక షీటులో మాత్రం వెల్డింగ్ నోట్సు చివరి లైను మీద పడింది, దానికి వేరే ఫైలు చేసుకుంటాను. 12-18 కూడా బాగున్నాయి, సీలు కింద గీతలు కనబడుతున్నాయి.

7వ పేజీ ఒక్కటే తేడాగా ఉంది. సీలు కొంచెం చిన్నగా, కుడి అంచు నుంచి మిగతావాటికంటే దూరంగా ఉంది. పక్కన పెట్టి చూస్తేగానీ తెలియదు, కానీ సార్ కళ్ళు మామూలువి కావు.

కామేశ్వరి_సీతమ్మధార

అది లెటర్ సైజు పేజీ కదా. సీలు పేజీ గమ్యం పేజీలో పట్టకపోతే క్యూపీడీఎఫ్ దాన్ని పట్టేంతకి కుదించి నడిమధ్య పెడుతుంది. ఏ4 ఎత్తు 842 పాయింట్లు, లెటర్ 792, అంటే 94 శాతానికి కుదించింది. మీ 40 మి.మీ. సీలు 37.6 అయింది. వెడల్పులో మిగిలిన చోటు అటూ ఇటూ పంచడంతో కుడి ఖాళీ 15 నుంచి సుమారు 23కి పెరిగింది.

దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఏ4 సీలు పేజీని పెద్ద ఏ3 మీద పరిస్తే అది పెంచదు, ఉన్న సైజులోనే మధ్యలో పెడుతుంది. అప్పుడు సీలు కుడి మూల వదిలి డ్రాయింగు నడుమ వైపుకి జరిగి కూర్చుంటుంది. అందుకే ప్రతి సైజుకీ ఒక సీలు పేజీ. లెటర్ అంటే 215.9 బై 279.4, కాబట్టి X 160.9, Y 224.4. మొదటి కమాండ్ `--to` లోంచి 7 తీసేసి, దానికొక్కదానికీ మూడో కమాండ్ నడపండి. అసలు `tender.pdf` నుంచే మొదలుపెట్టాలి సుమా, ఇప్పుడున్న `final.pdf` మీద కొడితే 7వ పేజీకి రెండు సీళ్ళు పడతాయి.

సీఏ_ద్వారకానగర్

ఆలస్యంగా చూశాను. ఎవరూ అడగనిది ఒకటి. ఈ ఫైలుకి డిజిటల్ సంతకం ఎప్పుడు చేస్తారు? సంతకం అయిపోయిన ఫైలు మీద ఇలా సీలు పరిస్తే సంతకం పోతుంది.

ఆటోనగర్_సత్య

మాది ఇంకా కాలేదండి. కానీ 52 నుంచి 58 వరకు మా సబ్‌కాంట్రాక్టరు పంపిన పత్రాలు, ఆయన డీఎస్‌సీతో సంతకం చేసి పంపినవి. వాటిని నేను మొత్తం ఫైలులో కలిపేశాను. అదీ పోయినట్టేనా?

సీఏ_ద్వారకానగర్

కలిపినప్పుడే పోయింది, సీలుతో సంబంధం లేదు. పేజీ మీద సంతకం బొమ్మ కనబడుతుందేమో గానీ లోపల సరిచూసుకునే లెక్క ఆయన ఫైలుకి మాత్రమే సరిపోతుంది. ఆయన ఫైలుని విడిగానే అప్‌లోడ్ చేయండి, పోర్టల్‌లో వేరే పత్రాలకి చోటుంటే. మీ ఫైలుకి ముందు సీళ్ళన్నీ పడాలి, పేజీలన్నీ సరిచూసుకోవాలి, అన్నిటికంటే చివర సంతకం. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా ముట్టకూడదు.

ఇంకోటి. 2015 కంపెనీల సవరణ చట్టం తర్వాత కామన్ సీలు తప్పనిసరి కాదు. కాబట్టి సీలు ఎందుకు అడుగుతున్నారో టెండరు షరతు చదవండి. బలం డిజిటల్ సంతకానిది, స్కాన్ సీలుకి కాదు.

పోర్టు_పైడిరాజు

చట్టం అలా అంటాది గానీ, కౌంటరు దగ్గర సీలు లేకపోతే కాగితం ముట్టరు సారూ. మా కత మీకేటి తెలుసు.

సీఏ_ద్వారకానగర్

తెలుసు లెండి. నా భయం వేరే. ఇంత శుభ్రంగా, తెలుపు లేకుండా చేసిన సీలు బొమ్మని ఆ పీడీఎఫ్ నుంచి ఎవరైనా ఊడదీయొచ్చు. కామేశ్వరి గారు పరీక్షకి వాడమన్న `pdfimages` తోనే బొమ్మ, మాస్కు రెండూ బయటికొస్తాయి. అది పట్టుకుని ఏ కాగితం మీదైనా వేసుకోవచ్చు.

కామేశ్వరి_సీతమ్మధార

నిజమే, దానికి పూర్తి అడ్డుకట్ట లేదు. నేను చేసేదొకటే, సీలు బొమ్మలోనే, పీఎన్‌జీ దశలోనే, గుండ్రం అడుగున టెండరు నంబరు, తేదీ చిన్న అక్షరాలతో కలిపేస్తాను. ఊడదీసినా ఆ నంబరుతోనే వస్తుంది. చెరపాలనుకున్నవాడు చెరుపుతాడు, కానీ పని పెరుగుతుంది. నంబరు లేని మూల ఫైలు సారు దగ్గరే ఉండాలి, వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

దొండపర్తి_డీటీపీ

నాకైతే ప్రింటు తీసి సీలు కొట్టి స్కాన్ చేయడమే నిబ్బరం అనిపిస్తుంది. అప్పుడు సీలు విడిగా ఊడదు, పేజీలో కలిసిపోతుంది.

డ్రాయింగ్_కంచరపాలెం

ఏ3 డ్రాయింగు స్కాన్ చేస్తే గీతలు ముద్దవుతాయి, కొలతలు చదవలేరు. మీ నిబ్బరం మా డ్రాయింగులకి వద్దు.

దొండపర్తి_డీటీపీ

డ్రాయింగులకి వద్దులెండి. మామూలు పేజీలకైతే నా మాట నాదే.

పోర్టు_పైడిరాజు

కామేశ్వరమ్మా, ఆకుపచ్చ చానెల్‌తో మా ఊదా సీలు బెమ్మాండంగా వచ్చింది. కానీ మా సార్ సీలు మీంచి నీలం పెన్నుతో సంతకం పెడతారు, దాన్నే స్కాన్ సేసినాం. ఇప్పుడు సంతకం కూడా ఊదా అయిపోనాది.

కామేశ్వరి_సీతమ్మధార

ఒకే రంగు పోసే పద్ధతి కదా, రెండు సిరాలుంటే అలాగే అవుతుంది. రెండు రంగులూ నిలవాలంటే జింప్‌లో `Colors > Levels` తో ముందు కాగితాన్ని అసలు తెలుపుకి తెచ్చి, తర్వాత `Colors > Color to Alpha` లో తెలుపు ఎంచుకోండి. అది కూడా అంచుల్ని మెల్లగా కరిగిస్తుంది, రంగుల్ని ఉంచుతుంది. కాకపోతే సిరా మొత్తం కొంచెం పల్చబడుతుంది. `Opacity threshold` కాస్త తగ్గిస్తే తేరుకుంటుంది.

సంతకం ఉన్న బొమ్మని ప్రతి పేజీ మీదా పరచడం గురించి మాత్రం మీ సార్‌నే అడగండి, నేను చెప్పను.

ఆటోనగర్_సత్య

7వ పేజీ సరిపోయింది, స్కేలు పెట్టి చూస్తే 40. సబ్‌కాంట్రాక్టరు పత్రాలు తీసేసి విడి ఫైలుగా పెట్టాను. దాంతో పేజీలు 57 అయ్యాయి, ఆఖరి పేజీ సీలు `--to=z` అని ఇస్తే సరిపోయింది, ఆ కిటుకు క్యూపీడీఎఫ్ సహాయ పేజీలో దొరికింది. ఫైలు సైజు దాదాపు పెరగలేదు. సార్ రేపు సంతకం చేస్తారు.

ఎమ్వీపీ సెక్రటరీ గారూ, మీ రసీదులకి సీలు కావాలంటే నా ఏ4 డ్రా ఫైలు కొలతలు అలాగే వాడుకోండి, బొమ్మ ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఎమ్వీపీ_సెక్రటరీ

మా రసీదు ఏ5 అండి. అప్పుడు X ఎంత?

డ్రాయింగ్_కంచరపాలెం

నిలువు ఏ5 అంటే 148 బై 210. సీలు 40, ఖాళీ 15 అయితే X 93, Y 155. కానీ అంత చిన్న రసీదు మీద 40 సీలు ఏం బాగుంటుంది? 30 చేయండి, X 103, Y 165.

ఎమ్వీపీ_సెక్రటరీ

అసలు సీలు 40 ఉండి ఇక్కడ 30 వేస్తే ఎవరైనా అడుగుతారేమో?